అమూల్యమైన సలహాలు అడగడం మానేద్దాం

"ప్లాను జతచేశాం. దయచేసి పరిశీలించి మీ అమూల్యమైన సలహాలు, సూచనలు తెలియజేయగలరు."

మన ఆఫీసుల్లో, సంఘాల్లో, కమిటీల్లో ఈ వాక్యం రాయనివాళ్ళు అరుదు. నేను పదమూడేళ్లుగా పల్లె బడుల్లో వంటషెడ్లు, తాగునీటి కుళాయిలు, మరుగుదొడ్లు కట్టించే ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. ప్లాను గీయించడం, దాన్ని వాడుకోబోయేవాళ్ళకి పంపి అభిప్రాయం అడగడం నా పని. ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. ఇప్పుడు రాయడం లేదు. మిగతావాళ్ళు కూడా రాయకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ వాక్యాన్ని సమర్థించేవాళ్ళు తక్కువేమీ లేరు. వాళ్ళ వాదన మూడు మాటల్లో ఇది. ఒకటి, మనమే ప్రశ్నలు వేస్తే జవాబులకు ముందే హద్దు గీసినట్టవుతుంది, కాబట్టి మనసులో ఉన్నది చెప్పనివ్వాలి. రెండు, ఫలానా తేదీలోపు చెప్పమని పెద్దమనుషులకి గడువు పెట్టడం మర్యాద కాదు, వీలు చూసుకుని చెబుతారు. మూడు, ఎంత ఎక్కువమంది స్పందిస్తే అంత బాగా సంప్రదించినట్టు. శిక్షణ తరగతుల్లో దాదాపు ఇదే పాఠంగా చెబుతారు. వినడానికి ఉదారంగా ఉంటుంది. నేనూ చాలా ఏళ్ళు నమ్మాను. ఈ మూడూ తప్పని ఒక వంటగట్టు నాకు నేర్పింది.

ఒక బడిలో దాదాపు 180 మంది పిల్లలకి మధ్యాహ్న భోజనం వండేవాళ్ళు. వేపచెట్టు కింద కట్టెల పొయ్యి, పైన రేకు. దాని స్థానంలో గ్యాసు పొయ్యితో పక్కా వంటషెడ్డు కట్టాలని మా సంస్థ ఒప్పుకుంది. మా ఇంజనీరు ప్లాను గీశాడు. దాని ఫొటోని హెడ్‌మాస్టరు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులు, సర్పంచి, వంట చేసే ఇద్దరు అక్కలు ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టి, పైన చెప్పిన వాక్యమే రాశాను. గడువు పెట్టలేదు. పదకొండు జవాబులు వచ్చాయి. ఆరింటిలో దండం పెడుతున్న చేతులు. మూడింటిలో "బాగుంది సార్". ఒకరు గోడలకి ఆకుపచ్చ రంగు వేయమన్నారు. ఇంకొకరు బడికి ప్రహరీ గోడ కూడా కావాలన్నారు, అది మా చేతిలో లేని పని. వంట అక్కల దగ్గర నుంచి ఏమీ రాలేదు. ఐదు వారాలు చూశాం. ఎంతకాలం చూడాలో ఎవరికీ తెలియదు కాబట్టి ఒకరోజు చూడడం ఆపేసి పని మొదలుపెట్టాం. నివేదికలో "అందరినీ సంప్రదించాం, అభ్యంతరాలు రాలేదు" అని రాశాను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

షెడ్డు పూర్తయి వంట మొదలైన వారానికి చూడ్డానికి వెళ్ళాను. కొత్త గట్టు ఖాళీగా ఉంది. గ్యాసు పొయ్యి కింద నేల మీద ఉంది, రబ్బరు గొట్టం గట్టు అంచు మీదుగా వేలాడుతోంది. ఎందుకిలా అని అడిగితే అక్క ఏమీ అనలేదు. పొయ్యి ఎత్తి గట్టు మీద పెట్టి, ఖాళీ గుండిగ దాని మీద పెట్టి, పక్కన నిలబడింది. గుండిగ అంచు ఆమె నోటి దాకా వచ్చింది.

లెక్క చాలా చిన్నది. గట్టు ఎత్తు 32 అంగుళాలు. ఇళ్ళలో వంటగట్టు దాదాపు అంతే ఉంటుంది, ఇంజనీరు దాన్నే తీసుకున్నాడు. దాని మీద పొయ్యి 6 అంగుళాలు. గుండిగ 16 అంగుళాలు. మొత్తం 54, అంటే నాలుగున్నర అడుగులు. ఆ అక్క ఎత్తు ఐదు అడుగులు. ఇంట్లో నలుగురికి వండే గిన్నె లోతు చాలా తక్కువ, కాబట్టి ఆ కొలత ఇంట్లో సరిపోతుంది. 180 మందికి సరిపడా ఉడుకుతున్న అన్నాన్ని తెడ్డుతో కలపాలంటే మాత్రం ఆమె మోచేతులు భుజాల పైకి లేపాలి. ఆవిరి నేరుగా మొహానికి కొడుతుంది. ఇక గంజి వార్చడానికి ఆ గుండిగను ఇద్దరు కలిసి నోటి ఎత్తు నుంచి కిందికి దించాలి. జారితే ఏమవుతుందో వంట తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. అందుకే వాళ్ళు పొయ్యిని నేల మీదికి దించేశారు. అది వాళ్ళ తెలివి. మా అదృష్టం కూడా.

గట్టు పగలగొట్టి మళ్ళీ కట్టించాం. డబ్బు వృథా అయింది, వారం పాటు వంట మళ్ళీ చెట్టు కిందే జరిగింది. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆమె మాట. "ముందే చెప్పొచ్చు కదక్కా" అని అడిగాను. "మీరు ఎత్తు గురించి అడగలేదు కద సార్. బొమ్మ పంపారు. బొమ్మలో అది గీతలాగే ఉంది" అంది.

మొదటి వాదన ఈ మాట దగ్గరే కూలిపోతుంది. హద్దులు లేని ప్రశ్న అంటే స్వేచ్ఛ ఇచ్చామని మనం అనుకుంటాం. అవతలివాళ్ళకి అది బరువు. ప్లాను చదవడం వాళ్ళు నేర్చుకోవాలి. అందులో ఏది ఖరారైందో, ఏది ఇంకా మార్చవచ్చో ఊహించాలి. ఏ మాట అంటే హెడ్‌మాస్టరుకి కోపం వస్తుందో, ఏది అడిగితే ఆశపడుతున్నారనుకుంటారో లెక్కవేసుకోవాలి. ఇదంతా చేశాక, నెలకి అతి తక్కువ గౌరవ వేతనంతో పనిచేసే మనిషి, ఆఫీసు సార్లందరూ ఉన్న గ్రూపులో అందరికంటే ముందు నోరు విప్పాలి. అలాంటి చోట "బాగుంది సార్" అన్నది అభిప్రాయం కాదు, తప్పుకునే దారి. "మీ గుండిగ ఎత్తు ఎంత?" అని ఆమెనే అడిగితే ఆమెకి ఏ ధైర్యమూ అక్కర్లేదు. ఆ విషయంలో ఇంజనీరు కంటే ఆమెకే ఎక్కువ తెలుసు. ప్రశ్నలోనే మాట్లాడే హక్కు ఉంది.

హద్దులు లేని ప్రశ్న అడిగేవాడికి మాత్రం చాలా సుఖం. ప్లానులో తనకి ఏది తెలియదో అతను కూర్చుని ఆలోచించక్కర్లేదు. సరైన ప్రశ్న రాయాలంటే ముందు మన అజ్ఞానం ఎక్కడుందో మనకి కనిపించాలి. గట్టు ఎత్తు అనే కొలత ప్లానులో ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి శరీరాన్ని బట్టి వచ్చింది అని మేము ఒక్కసారి మమ్మల్ని మేము అడుక్కుని ఉంటే ప్రశ్న దానంతటదే పుట్టేది. అడగలేదు. "అమూల్యమైన సలహాలు" అనే మాట వెనక మా బద్ధకాన్ని దాచుకున్నాం.

తరువాతి బడి దగ్గర పద్ధతి మార్చాం. గ్రూపులో ఒకే సందేశం పెట్టడం మానేసి, ఒక్కొక్కరికి వాళ్ళకి మాత్రమే తెలిసే సంగతుల మీద విడిగా ప్రశ్నలు రాశాం. ఎవరికీ నాలుగు మించలేదు. హెడ్‌మాస్టరుకి రాసిన కాగితంలో ఇలా ఉంది:

"తలుపు తూర్పు వైపు పెడితే గ్యాసు సిలిండరు ఆటో గేటు నుంచి నేరుగా వస్తుంది, కానీ ఒకటో తరగతి గదికి ఎదురుగా ఉంటుంది. ఉత్తరానికి పెడితే సిలిండరును ఆట స్థలం మీదుగా మోయాలి. మీకు ఏది నయం? ఎందుకు? బియ్యం ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని బస్తాలు వస్తాయి? మధ్యాహ్నం పిల్లలు వరుసగా వచ్చి వడ్డించుకుంటారా, తరగతి గదులకి తీసుకెళ్ళి వడ్డిస్తారా?"

ఇందులో ఏ ప్రశ్నకి ఏ జవాబు వచ్చినా ప్లానులో ఒక గీత అటో ఇటో కదులుతుంది. ఇప్పుడు మేము ప్రతి ప్రశ్ననీ ఇలాగే పరీక్షిస్తాం. జవాబు 'ఇది' అయితే ఏం చేస్తాం, 'అది' అయితే ఏం చేస్తాం అని పక్కన రాసుకుంటాం. రెండింటికీ చేసే పని ఒకటే అయితే ఆ ప్రశ్న కొట్టేస్తాం. "ప్లాను మీకు నచ్చిందా?" అన్నది ఈ పరీక్షలో మొదటే పోతుంది. నచ్చలేదని అంటే ఏం మార్చాలో మాకు తెలియదు కదా. వంట అక్కని స్లాబు మందం గురించి అడగడం కూడా పోతుంది, ఆమె ఏం చెప్పినా అది ఇంజనీరు లెక్క ప్రకారమే ఉంటుంది. మారనివి ఏమిటో కాగితం పైనే రాశాం. షెడ్డు కొలతలు 20 అడుగులకి 12 అడుగులు, బడ్జెట్టు ఖరారైంది, ఈ రెండూ మారవు అని. అలా రాయడం మొరటుగా ఉంటుందని మా సంస్థలోనే ఒకరు అన్నారు. మారని దాని మీద అభిప్రాయం అడిగి, తరువాత కుదరదనడం అంతకంటే మొరటు.

వంట అక్కలకి కాగితం పంపలేదు. వెళ్ళి కూర్చున్నాం. వాళ్ళ గుండిగ, పొయ్యి, తెడ్డు బయట పెట్టించి, అక్కడున్న ఇటుకల్ని మూడు వరుసలు పేర్చి దాని మీద పొయ్యి పెట్టాం. ఇటుక మందం 3 అంగుళాలు, కాబట్టి 9 అంగుళాల గట్టు. పెద్దావిడ తెడ్డు పట్టుకుని రెండుసార్లు తిప్పి చూసింది. "ఒక వరుస తీసెయ్యి నాయనా" అంది. తీశాం. మళ్ళీ తిప్పింది. తల ఊపింది. గట్టు 6, పొయ్యి 6, గుండిగ 16, మొత్తం 28 అంగుళాలు. అంచు ఆమె నడుము కిందికి వచ్చింది. చేతులు వాల్చి కలపొచ్చు, ఇద్దరు చెరో వైపు పట్టుకుని ఎత్తొచ్చు. దీనికి పట్టిన సమయం ఇరవై నిమిషాలు కూడా కాదు. ప్లానులో 32 అనే అంకె కొట్టేసి 6 అని రాశాం. కూరలు తరుక్కోవడానికి మాత్రం ఇంకో గోడ పక్కన మామూలు ఎత్తు గట్టు ఉంచమన్నారు, ఉంచాం.

ఇక్కడ ప్రత్యర్థుల వాదనలో నిజమున్న ముక్కకి జవాబు చెప్పాలి. అడిగేవాడికి తట్టని సంగతి ప్రశ్నల్లో రాదు కదా అంటారు. నిజమే, రాదు. అందుకే చివర ఒక ప్రశ్న ఎప్పుడూ ఉంచుతాం: "మేము అడగకుండా వదిలేసింది ఏమైనా ఉందా?" ఇది కూడా హద్దులు లేని ప్రశ్నే, కానీ దాని చోటు చివర. ముందున్న మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాక మనిషికి రెండు సంగతులు తెలుస్తాయి. వీళ్ళు నిజంగానే వింటున్నారని ఒకటి, ఏ స్థాయి సంగతులు మార్చవచ్చో ఇంకొకటి. అప్పుడు ఈ ప్రశ్నకి ప్రహరీ గోడ జవాబుగా రాదు. ఆ రోజు చిన్న అక్క చాలాసేపు ఆగి, "పిల్లలు తిన్నాక మేమెక్కడ కూర్చుని తినాలి సార్?" అని అడిగింది. అప్పటిదాకా వాళ్ళు మరుగుదొడ్ల పక్క గోడ నీడలో కూర్చుని తినేవాళ్ళు. షెడ్డు బయట చూరు కింద ఒక అరుగు పెట్టాం. మొదటి సందేశంలాగా గ్రూపులో అమూల్యమైన సలహాలు అడిగి ఉంటే ఈ మాట బయటికి వచ్చేది కాదని నేను నమ్ముతాను.

ఇంకో మినహాయింపు కూడా ఒప్పుకుంటాను. ప్లాను లేనప్పుడు, ఊరికి ఏం కావాలో కూడా మనకి తెలియనప్పుడు, ప్రశ్నల కాగితం పట్టుకుని వెళ్ళడం తప్పు. అప్పుడు రచ్చబండ దగ్గర కూర్చుని వినాలి. నేను మాట్లాడుతున్నది గీత గీశాక అడిగే అభిప్రాయం గురించి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చాలా గందరగోళం.

ఎక్కువ జవాబులు వస్తే ఎక్కువ సంప్రదించినట్టన్న మూడో వాదనకి మా బడి చాలదు, దేశం చూసిన ఉదాహరణ ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015 డిసెంబరు 9న ఒక సంప్రదింపుల పత్రం విడుదల చేసింది. కొన్ని వెబ్‌సైట్లని ఉచితంగానో చౌకగానో ఇచ్చి మిగతావాటికి మామూలు డేటా ఛార్జీ వసూలు చేయడాన్ని అనుమతించాలా అన్నది విషయం. అడిగినవి నాలుగే నాలుగు ప్రశ్నలు. వేర్వేరు వెబ్‌సైట్లకి వేర్వేరు ధరలు ఉండొచ్చా అన్నది మొదటిది. ఉండొచ్చంటే వివక్ష లేకుండా, పారదర్శకత, పోటీ దెబ్బతినకుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలన్నది రెండోది. ఉచిత ఇంటర్నెట్ అందించడానికి ధరల తేడా లేకుండా వేరే మార్గాలున్నాయా అన్నది మూడోది. పరిశీలించాల్సిన ఇతర అంశాలు ఏమైనా ఉన్నాయా అన్నది నాలుగోది. చూడండి, హద్దులు లేని ప్రశ్న అక్కడ కూడా చివరే ఉంది.

అప్పుడు ఫేస్‌బుక్ తన 'ఫ్రీ బేసిక్స్' పథకానికి మద్దతుగా తన వినియోగదారుల చేత ట్రాయ్‌కి సందేశాలు పంపించింది. ముందే రాసిపెట్టిన ఒకే వాచకం, ఒక్క నొక్కుతో వెళ్ళేది. లక్షల్లో వెళ్ళాయి. సంఖ్య చూసి ఎవరైనా నిర్ణయం అయిపోయిందనుకుంటారు. ట్రాయ్ అలా అనుకోలేదు. ఆ సందేశాలు పథకానికి మద్దతు చెబుతున్నాయే గాని తాము అడిగిన నాలుగు ప్రశ్నలకి జవాబు ఇవ్వడం లేదని చెప్పింది. ఆ ప్రశ్నలకి జవాబులు చెప్పమని వినియోగదారుల్ని కోరాలని ఫేస్‌బుక్‌కి రాసింది. చివరికి 2016 ఫిబ్రవరి 8న, వెబ్‌సైటును బట్టి డేటా ధర మార్చడాన్ని నిషేధిస్తూ నిబంధనలు తెచ్చింది.

అంతకుముందు 2015 మార్చి 27న ట్రాయ్ ఇంటర్నెట్ సేవల నియంత్రణ మీద ఇంకో పత్రం ఇచ్చింది. అందులో 20 ప్రశ్నలు, అభిప్రాయాలకి ఏప్రిల్ 24, వాటి మీద ప్రతివాదాలకి మే 8 గడువు. మామూలు పాఠకుడికి ఆ పత్రం కొరుకుడు పడేది కాదు. నెట్ న్యూట్రాలిటీ కోసం పనిచేసిన వాలంటీర్లు ఆ 20 ప్రశ్నలకీ జవాబులు రాసిపెట్టి జనం చేత పంపించారు. అది కూడా రాసిపెట్టిన వాచకమే కదా అంటారు. అవును. తేడా ఒక్కటే, అది ప్రశ్నకి ప్రశ్నగా జవాబు చెప్పింది, కాబట్టి దాన్ని ఒప్పుకోవచ్చు, ఖండించవచ్చు, పక్కవాడి జవాబుతో పోల్చవచ్చు. ప్రశ్నలు లేని చోట లక్ష సందేశాలు వచ్చినా తూకం వేయడానికి త్రాసు ఉండదు. అప్పుడు గెలిచేది ఎక్కువమందిని పోగుచేయగలిగినవాడు. ప్రశ్నలు జనం నోరు నొక్కుతాయన్నవాళ్ళు ఈ ఉదంతాన్ని ఒకసారి చూడాలి. డబ్బు, యంత్రాంగం ఉన్న సంస్థ గొంతు మిగతా గొంతుల్ని ముంచేయకుండా ఆపింది ఆ నాలుగు ప్రశ్నలే.

ఇక గడువు. "పెద్దవాళ్ళకి తేదీ పెడతామా?" అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మొదటి షెడ్డు సంగతి మళ్ళీ చూడండి. గడువు లేదని జనం ఊపిరి పీల్చుకోలేదు. గడువు ఉంది, అది మాకు మాత్రమే తెలుసు. మేము విసిగిపోయిన రోజే గడువు. ఆ హెడ్‌మాస్టరు నిజంగా ఒక మంచి మాట చెప్పాడు, బియ్యం గది కిటికీ పడమర జల్లుకి ఎదురుగా ఉంది, వాన పడితే బస్తాలు తడుస్తాయని. చెప్పింది స్లాబుకి సెంట్రింగు కొట్టాక. ఆయన్ని తప్పుపట్టలేను. తన మాటకి విలువ ఏ రోజు దాకా ఉంటుందో మేము ఆయనకి చెప్పలేదు. వీలు చూసుకుని చెప్పమన్నాం, ఆయన వీలు చూసుకునే చెప్పాడు. తేదీ చెప్పకపోవడం మర్యాద అనుకున్నాం. నిజానికి అవతలి మనిషికి రావాల్సిన సమాచారాన్ని దాచిపెట్టాం.

రెండో బడి దగ్గర తేదీని వెనక నుంచి లెక్క కట్టాం. 16వ తేదీ శనివారం మేస్త్రీ ముగ్గు పోసి పునాది గుర్తులు పెడతాడు. ప్లాను సరిదిద్దడానికి ఇంజనీరుకి 14, 15 రెండు రోజులు కావాలి. కాబట్టి 13 బుధవారం సాయంత్రం ఐదింటికి జవాబులు అందాలి. కమిటీ సమావేశం 9వ తేదీ శనివారం ఉంది, దానికి ముందే కాగితాలు చేరాలి, చదువుకోవడానికి నాలుగు రోజులైనా ఉండాలి. అందుకని 4 సోమవారం నాడు చేతికిచ్చాం. కాగితంలో ఈ లెక్కంతా రాశాం: "13 సాయంత్రం 5 లోపు చెబితే మార్చగలం. 16న ముగ్గు పోస్తాం. పోశాక తలుపు, కిటికీ చోటు మార్చాలంటే పునాది మారుతుంది, అది మా వల్ల కాదు." కారణం రాస్తే గడువు ఆజ్ఞలా ఉండదు. పల్లెలో ముగ్గు పోయడం అంటే ఏమిటో అందరికీ తెలుసు. 11 సోమవారం నాడు ఒక్కసారి గుర్తు చేశాం, అది కూడా ఇంకా చెప్పనివాళ్ళకి మాత్రమే, ఫోన్ చేసి.

జవాబు రాకపోతే ఏం చేస్తామో కూడా రాశాం: "మీ నుంచి మాట రాకపోతే తలుపు ప్లానులో ఉన్నట్టు తూర్పుకే పెడతాం." మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం అన్యాయం అంటారు. ముందే చెప్పకుండా తీసుకుంటే అన్యాయమే, మొదటి షెడ్డు నివేదికలో నేను చేసింది అదే. ఇక్కడ మౌనానికి అర్థం ఏమిటో ముందే చెప్పాం, కాబట్టి మౌనంగా ఉండడం కూడా వాళ్ళ నిర్ణయమే అయింది. కాగితం చేరనివాళ్ళకి, చదవలేనివాళ్ళకి ఈ నియమం వర్తించదు. అందుకే వంట అక్కల దగ్గర మౌనాన్ని లెక్కలోకి తీసుకోలేదు, మనిషిని కలిసి జవాబు తెచ్చుకున్నాం.

గడువుని ఆయుధంగా వాడేవాళ్ళున్నారని నాకు తెలుసు. పర్యావరణ ప్రభావ అంచనా మీద 2020 ముసాయిదా నోటిఫికేషన్ సంగతి గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్ మధ్యలో ఇంగ్లీషు, హిందీల్లో వచ్చిన ఆ ముసాయిదా మీద 60 రోజుల్లో అభిప్రాయాలు చెప్పమన్నారు. తరువాత జూన్ 30 దాకా పొడిగించారు. గని పక్కనో, ఫ్యాక్టరీ పక్కనో ఉండే మన తెలుగు రైతుకి, మత్స్యకారుడికి తన భాషలో అది లేదు. ఢిల్లీ హైకోర్టు జూన్ 30న గడువుని ఆగస్టు 11కి పొడిగించింది, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోకి అనువాదం చేయించమంది. దీన్ని చూపించి గడువులే వద్దనేవాళ్ళు ఒక సంగతి గమనించడం లేదు. కోర్టుకి వెళ్ళగలిగింది రాసిపెట్టిన తేదీ ఉంది కాబట్టే. ఫలానా తేదీ చాలదు, ఇన్ని రోజులు కావాలి అని వాదించడానికి ముందొక తేదీ ఉండాలి. "వీలు చూసుకుని చెప్పండి" అన్న మాట మీద ఏ కోర్టులో కేసు వేస్తాం? గడువు సరైనదో కాదో తేల్చే ప్రశ్న ఒక్కటే: కాగితం అవతలి మనిషికి తన భాషలో, తన చేతికి చేరిన రోజు నుంచి ఎన్ని రోజులు మిగిలాయి? కాగితం మీద 60 ఉన్నా, ఈ లెక్కలో సున్నా కావచ్చు.

ఆలస్యంగా వచ్చిన మాటని ఏం చేయాలన్నది అన్నిటికంటే కష్టమైన భాగం. రెండో బడిలో కమిటీ సభ్యుడు ఒకాయన 18వ తేదీన వచ్చి తలుపు ఉత్తరానికి పెట్టమన్నాడు. అప్పటికి పునాది తవ్వేశారు. కుదరదని ఆయన మొహం మీద చెప్పాల్సి వచ్చింది. ఆయన నొచ్చుకున్నాడు. కాగితం చూపించాం. ఇలాంటి చోట ఒక్కరికి మినహాయింపు ఇస్తే గడువులోపు జవాబిచ్చిన మిగతావాళ్ళని మోసం చేసినట్టే, తరువాతిసారి ఎవరూ తేదీని పట్టించుకోరు. కానీ ఆలస్యంగా వచ్చిన మాటలో ప్రాణాపాయం సంగతి ఉంటే, కరెంటు తీగ షెడ్డు మీదుగా వెళ్తోందని ఎవరైనా చెబితే, పునాది తవ్వినా సరే ఆపాల్సిందే. తలుపు దిక్కు అలాంటిది కాదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడో ముందే మనలో మనం అనుకుని ఉండాలి, ఆ క్షణంలో మొహమాటం తేల్చకూడదు.

జవాబులు అందాక వారంలోపు ఒక కాగితం బడి గోడకి అంటించాం. ఎడమ పక్క "మీరు చెప్పింది", కుడి పక్క "మేము చేసింది". గట్టు ఎత్తు 6 అంగుళాలు: మార్చాం. బియ్యం కిటికీ తూర్పు గోడకి: మార్చాం. షెడ్డు లోపల కుళాయి: కుదరలేదు, బోరు దగ్గర నుంచి గొట్టం లాగడానికి బడ్జెట్టు లేదు. అక్కలు కూర్చుని తినడానికి అరుగు: చేర్చాం. దీనికి పట్టిన ఖర్చు ఒక తెల్ల కాగితం. 'కుదరలేదు' అన్న వరుసకి కారణం రాయడానికే మాకు ఎక్కువసేపు పట్టింది. ఆ కుళాయి అడిగింది పెద్ద అక్కే. ఆమెకి చదవడం రాదు. అయిదో తరగతి పిల్ల ఒకతె గోడ దగ్గర నిలబడి ఆమెకి వరుసగా చదివి వినిపించింది. అరుగు వరుస దగ్గర ఆపమని, మళ్ళీ ఇంకోసారి చదవమంది.